చర్చ: నాలుగో ప్రశ్న వరకు క్లాసంతా చెప్తుంది, ఐదో ప్రశ్నకి ఎవరూ నోరు విప్పరు. ప్రశ్నల వరుస ఎలా కట్టాలి?

శ్రావణి_బయాలజీ (స్కూల్ అసిస్టెంట్, జిల్లా పరిషత్ హైస్కూల్)

అందరికీ నమస్కారం. పదో తరగతికి కిరణజన్య సంయోగక్రియలో నల్లకాగితం ప్రయోగం చేయించాను. కుండీ మొక్కను మూడు రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకుకి రెండు వైపులా నల్లకాగితం పట్టీ పెట్టి క్లిప్పులు బిగించి, మొక్కను ఎండలో పెట్టాం. సాయంత్రం ఆకు కోసి, నీళ్ళలో ఉడికించి, స్పిరిట్‌లో మరిగించి, అయోడిన్ వేశాం. రిజల్ట్ చక్కగా వచ్చింది. కాగితం ఉన్నచోట గోధుమరంగు, మిగతా అంతా నీలి నలుపు.

తర్వాతి పీరియడ్‌కి నేను రాసుకున్న ప్రశ్నలివి.

1. పిండిపదార్థం మీద అయోడిన్ వేస్తే ఏ రంగు వస్తుంది?
2. మొక్కను చీకట్లో ఎందుకు పెట్టాం?
3. ఆకును స్పిరిట్‌లో ఎందుకు మరిగించాం?
4. కాగితం కింద భాగం ఎందుకు నల్లబడలేదు?
5. ఈ ప్రయోగాన్ని విశ్లేషించండి.
6. ఈ ప్రయోగం మీద మీ అభిప్రాయం చెప్పండి.

మొదటి నాలుగూ క్లాసంతా ఒకే గొంతుతో చెప్పేశారు. ఐదుకి నిశ్శబ్దం. ఆరుకి ఒకబ్బాయి లేచి "బాగుంది మేడమ్" అని కూర్చున్నాడు. గుర్తుచేసుకునే దగ్గర్నుంచి విశ్లేషణకి, అక్కణ్ణుంచి తూకం వేసి తేల్చేదాకా తీసుకెళ్ళాలంటే మధ్యలో ఏం ఉండాలి? నా లిస్టులో ఎక్కడ తెగింది?

---

కిరణ్_టీచర్

శ్రావణి గారూ, మీ లిస్టులో మెట్లు తప్పాయి. బ్లూమ్స్‌లో ఆరు మెట్లున్నాయి కదా. జ్ఞాపకం, అవగాహన, అన్వయం, విశ్లేషణ, మూల్యాంకనం, సృజన. మీరు అన్వయం వదిలేసి సీదా విశ్లేషణకి దూకేశారు. ఒక్కో మెట్టుకి ఒక్కో ప్రశ్న పెట్టి, క్రియాపదాలు మార్చండి: "పేర్కొనండి", "వివరించండి", "పోల్చండి", "సమర్థించండి". లెసన్ ప్లాన్‌లో కూడా పై అధికారులు అదే చూస్తారు. నా దగ్గర క్రియాపదాల చార్ట్ ఉంది, కావాలంటే పంపిస్తాను.

---

రిటైర్డ్_మాస్టారు

కిరణ్ బాబూ, మెట్టు వదిలేసి పైకి దూకకూడదన్నావు చూడు, అంతవరకు ఒప్పుకుంటాను. క్రియాపదం మారిస్తే మెట్టు మారుతుందన్న దగ్గరే నాకు పేచీ. శ్రావణి గారి 2, 3, 4 ప్రశ్నలు చూడు. మూడింట్లోనూ "ఎందుకు" ఉంది. చార్ట్ ప్రకారం అవి పైమెట్టు ప్రశ్నలే. కానీ "స్పిరిట్‌లో ఎందుకు మరిగించాం" అన్నదానికి జవాబు పుస్తకంలో ఒక వాక్యంగా ఉంది, ముందురోజు క్లాసులో చెప్పారు కూడా. పిల్లవాడు ఆ వాక్యం అప్పజెప్పాడు. అది జ్ఞాపకమే. ఇదే ప్రశ్న పుస్తకం చూడని పిల్లవాడికి, పచ్చటి ఆకు మీద అయోడిన్ వేసి ఏ రంగూ తేలక తికమకపడుతున్నప్పుడు వేస్తే విశ్లేషణ అవుతుంది. ప్రశ్న స్థాయి ప్రశ్నలోని మాటను బట్టి ఉండదు. ఆ పిల్లవాడి చేతిలో అప్పటికే ఏ జవాబు ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

కాబట్టి అమ్మా, మీ లిస్టులో మొదటి నాలుగూ ఒకే మెట్టు మీదున్నాయి. ఐదోది అసలు ప్రశ్నే కాదు, పరీక్ష పేపర్లో రాసే ఆదేశం. దేన్ని దేనితో పోల్చాలో, ఏది తేల్చాలో అందులో లేదు. నన్నడిగినా నేనూ మౌనంగానే ఉంటాను.

---

లక్ష్మి_మ్యాథ్స్

మా దగ్గరా ఇదే గోల. ఎఫ్ఏ పేపర్‌కి బ్లూప్రింట్ వేసేటప్పుడు జ్ఞానానికి ఎన్ని మార్కులు, అన్వయానికి ఎన్ని మార్కులు అని లెక్క సరిచూసుకోవడానికే గంటలు పడుతోంది. శ్రావణి గారూ, మీ ఆరు ప్రశ్నలకి వెయిటేజీ టేబుల్ వేసుకున్నారా? అది ముందు చేస్తే క్లారిటీ వస్తుంది.

---

శ్రావణి_బయాలజీ

లక్ష్మి మేడమ్, నేను అడిగింది పేపర్ గురించి కాదండీ, క్లాసులో నోటితో అడిగే ప్రశ్నల గురించి. పేపర్‌లో పిల్లవాడు ఏ ప్రశ్నకైనా ముందు వెళ్ళొచ్చు, వదిలేయొచ్చు. క్లాసులో ఒక జవాబు మీదే తర్వాతి ప్రశ్న నిలబడాలి కదా.

మాస్టారూ, "దేన్ని తేల్చాలో" అన్నారు. ఈ ప్రయోగంలో తేల్చడానికి ఏముంది? వెలుతురు లేకపోతే పిండిపదార్థం తయారవదు, అంతే కదా. అన్ని పుస్తకాల్లోనూ అదే ఉంది.

---

రిటైర్డ్_మాస్టారు

అక్కడే పట్టు దొరుకుతుంది. ఒక్క మాట అడుగుతాను. మీరు బిగించిన నల్లకాగితం వెలుతురును ఆపింది. ఇంకేం ఆపింది?

---

శ్రావణి_బయాలజీ

గాలి! పత్రరంధ్రాలు ఎక్కువగా ఆకు అడుగువైపే ఉంటాయి, నేను కాగితం రెండు వైపులా బిగించాను. అంటే కార్బన్ డయాక్సైడ్ కూడా అందకపోయి ఉండొచ్చు. అలాగైతే నల్లబడకపోవడానికి కారణం వెలుతురు లేకపోవడమేనని ఈ ఆకు ఒక్కదాన్ని చూసి చెప్పలేం.

ఇన్నేళ్ళుగా ఈ ప్రయోగం చూస్తున్నాం, ఈ మాట ఎవరూ అనలేదు.

---

రిటైర్డ్_మాస్టారు

అన్నవాళ్ళు ఉన్నారమ్మా. పాత కాలేజీ ల్యాబుల్లో గానాంగ్ లైట్ స్క్రీన్ అని ఒక చిన్న క్లిప్పు డబ్బా ఉండేది. ఆకులో కొంత భాగానికి వెలుతురు తగలకుండా చేస్తుంది కానీ గాలి ఆడనిస్తుంది. మీకు తట్టిన అనుమానం తీర్చడానికే దాన్ని అలా కట్టారు.

ఇప్పుడు వరుస కట్టడం గురించి. నేను ఎప్పుడూ చివరి ప్రశ్న ముందు రాసుకుంటాను. ఈ పాఠానికి నేనైతే బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను.

అ) వెలుతురు లేకపోతే కిరణజన్య సంయోగక్రియ జరగదు.
ఆ) కాగితం కప్పిన చోట పిండిపదార్థం కనబడలేదు.

"మన ఆకును చూసి ఈ రెంటిలో ఏది రాసే హక్కు మనకుంది? మిగిలిన వాక్యం రాయాలంటే ఇంకేం చేసి చూపించాలి?" ఇదీ చివరి ప్రశ్న. "అభిప్రాయం చెప్పండి" అంటే బాగుంది, బాగోలేదు అంటారు. ఇక్కడ తూకపు రాయి పిల్లవాడి చేతికిచ్చాం: చేతిలో ఉన్న ఆధారం ఆ వాక్యానికి సరిపోతుందా లేదా.

ఆ తర్వాత వెనక్కి నడుస్తాను. దీనికి జవాబు చెప్పాలంటే పిల్లవాడి చేతిలో ఏముండాలి? కాగితం ఒకటి కాదు, రెండు ఆపిందని తెలియాలి. ఆ రెంటినీ విడదీసే మార్గం తట్టాలి. అది తట్టాలంటే "ఒకటి మార్చి మిగతావి మార్చకూడదు" అన్న ఆలోచన రావాలి. దానికి ముందు ఆకు మీద ఏం కనబడిందో, దానికి మనం చెప్పుకున్న కారణం ఏమిటో వేరుచేసి చూడగలగాలి. మొట్టమొదట అయోడిన్ ఏం చూపిస్తుందో గుర్తుండాలి. ఇప్పుడు ఇది తిరగేసి కింది నుంచి పైకి చదివితే మీ ప్రశ్నల వరుస వచ్చేస్తుంది. జ్ఞాపకం ప్రశ్న అందులో ఒక్కటే మిగిలింది చూశారా? పై ప్రశ్నకి పనికొచ్చే జ్ఞాపకం అంతే. స్పిరిట్ ఎందుకన్నది ఈ దారిలో అక్కర్లేదు, ఇంకో రోజు అడగొచ్చు.

---

కిరణ్_టీచర్

మాస్టారూ, వినడానికి బాగుంది. కానీ మా పిల్లలకి పత్రరంధ్రాలంటేనే సరిగ్గా గుర్తుండదు. వాళ్ళని "కాగితం ఇంకేం ఆపింది" అంటే గాల్లోకి చూస్తారు. అందుకే బేసిక్స్ ప్రశ్నలు ముందు ఓ పది అడిగి గట్టి చేయాలంటాను.

---

రిటైర్డ్_మాస్టారు

విషయం తెలిసి ఉండాలి, నిజం. తెలియని దాన్ని విశ్లేషించలేరు. కానీ తెలిసి ఉండడానికి పది ప్రశ్నలు అడిగి పావుగంట ఖర్చుపెట్టక్కర్లేదు. ఆకు అడ్డుకోత బొమ్మ బోర్డు మీద వేసి ఉంచు, పత్రరంధ్రం మీద బాణం గుర్తు పెట్టు. గుర్తులేనివాడు చూసుకుంటాడు. ఇంకో సంగతి. జ్ఞాపకం ప్రశ్నలు పది వరసగా అడిగితే క్లాసుకి ఒక లయ అలవాటవుతుంది. అడగ్గానే చెప్పడం, చెప్పగానే "కరెక్ట్" అనిపించుకోవడం. పదకొండోది ఆలోచించాల్సిన ప్రశ్న అయినా అదే వేగంలో జవాబు వెతుకుతారు. దొరక్కపోతే నోరు మూసుకుంటారు.

---

ప్రైమరీ_సుజాత

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులు టేపుల్లో విని చూసింది ఇదే కదా మాస్టారూ. మా డైట్‌లో చెప్పారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగి, వెంటనే ఇంకొకరిని అడగడమో తామే చెప్పేయడమో చేస్తున్నారట. ఆ ఆగడం మూడు సెకన్లు దాటితే జవాబులు పొడవయ్యాయి, "నాకు తెలీదు"లు తగ్గాయి, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది.

నేను చేసేదేమిటంటే, అలాంటి ప్రశ్న అడిగాక "ఎవరూ చేతులెత్తొద్దు, ముందు నోట్సులో ఒక లైను రాయండి" అంటాను. అప్పుడు నిశ్శబ్దం ఇబ్బందిగా ఉండదు, అందరూ పనిలో ఉంటారు. మాది రెండు తరగతులు ఒకే గది, అయినా ఇది కుదురుతోంది.

---

రిటైర్డ్_మాస్టారు

బాగా గుర్తుచేశారు సుజాత గారూ. ఆవిడ ఇంకో విరామం గురించి కూడా చెప్పింది, దాన్ని చాలామంది మర్చిపోతారు. పిల్లవాడు జవాబు చెప్పాక, మనం మాట్లాడేముందు ఆగడం. అక్కడ ఆగితే వాడే "ఎందుకంటే..." అని కొనసాగిస్తాడు. మనం "వెరీగుడ్" అనగానే ఆ జవాబు అక్కడితో సరి, మిగతా క్లాసు ఆలోచించడం మానేస్తుంది.

---

శ్రావణి_బయాలజీ

మాస్టారు చెప్పినట్టు వెనక నుంచి రాసుకుని, రెండో సెక్షన్‌లో చేశాను. వాళ్ళకి ఆకు ప్రయోగం మాత్రమే అయింది, ప్రశ్నల పీరియడ్ కాలేదు. ఎలా జరిగిందో గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మొదట రంగు సంగతి ఒక్క ప్రశ్న, నిమిషంలో అయిపోయింది. తర్వాత ఆకును పళ్ళెంలో పెట్టి తిప్పించి, "ఏం కనబడుతోందో రాయండి, 'ఎందుకంటే' అన్న మాట వాడకూడదు" అన్నాను. ఇది అనుకున్నదానికంటే కష్టమైంది. సగం మంది "వెలుతురు లేదు కాబట్టి నల్లబడలేదు" అని రాశారు. కంటికి కనబడేది రంగు మాత్రమేనని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు.

తర్వాత "చీకట్లో పెట్టకుండా నేరుగా కాగితం కట్టి ఉంటే సాయంత్రం ఆకు ఎలా ఉండేది? బొమ్మ గీయండి" అన్నాను. ముందు లిస్టులో "చీకట్లో ఎందుకు పెట్టాం" అన్నదాన్నే ఇలా మార్చాను. మొదటి సెక్షన్ లాగే అప్పజెప్పినట్టు చెప్తారనుకున్నాను గానీ, ఈ సెక్షన్‌లో మూడు రకాల బొమ్మలొచ్చాయి. ఆకంతా నలుపు, పట్టీ ఒక్కటే గోధుమరంగు, పట్టీ లేత నలుపు. వాదన నడిచింది. పాత పిండిపదార్థం ఉండిపోతుంది కాబట్టి కాగితం కిందా నల్లగానే రావచ్చని చివరికి ఒకమ్మాయి తేల్చింది.

ఆ తర్వాత అసలు ప్రశ్న. "కాగితం వెలుతురుతో పాటు ఇంకేం ఆపి ఉండొచ్చు?" నోట్సులో రాయమన్నాను. ఒకరు "వేడి", ఇద్దరు "గాలి", చాలామంది "ఆక్సిజన్". ఆక్సిజన్ దగ్గర నేను తడబడ్డాను. "కాదు" అనాలా, ఇంకేమైనా అడగాలా అని. "ఆక్సిజన్ కాదు, ఇంకో వాయువు ఉంది కదా, మనం వదిలేది, మొక్క తీసుకునేది, క-" అన్నాను. అందరూ "కార్బన్ డయాక్సైడ్" అని అరిచారు.

తర్వాత గంట కొట్టారు. చివరి ప్రశ్న వరకు వెళ్ళలేదు.

---

కిరణ్_టీచర్

"క-" అని అందించారు చూశారా, అది నేనూ రోజూ చేస్తాను 😀

---

రిటైర్డ్_మాస్టారు

శ్రావణి గారూ, బొమ్మ గీయమన్న ప్రశ్న అమోఘం. నా దగ్గర అది లేదు, నేను దాచుకుంటున్నాను.

"క-" సంగతి చెప్తాను. అందరం చేస్తాం, ఎందుకంటే గంట దగ్గరపడుతుంటుంది. అప్పుడు జరిగేదేమిటంటే, పెద్ద ప్రశ్నను మనమే చిన్న చిన్న ముక్కలుగా కోసుకుంటూ పోతాం. చివరి ముక్క ఒక్క మాటలో చెప్పేది అవుతుంది. పిల్లలు ఆ మాట చెప్తారు. విశ్లేషణ జరిగినట్టు కనబడుతుంది, కానీ చేసింది మనం. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. పీరియడ్ రాసుకున్నాక మన మాటలన్నీ చేత్తో మూసి, పిల్లల మాటలు మాత్రమే చదవాలి. అన్నీ ఒంటరి మాటలైతే ఆలోచన మన వైపే ఉండిపోయింది. మీ నోట్సులో బొమ్మల దగ్గర పిల్లల వాక్యాలు పొడుగ్గా ఉన్నాయి. వాయువు దగ్గర ఒక్క మాటే.

తప్పు జవాబు వచ్చినప్పుడు దాన్నే మెట్టుగా వాడుకోవచ్చు. "ఆక్సిజన్ ఆగిందనుకుందాం. పిండిపదార్థం తయారీకి ఆక్సిజన్ లోపలికి రావాలా, బయటికి పోవాలా?" అని అడిగి ఉంటే వాళ్ళ జవాబే వాళ్ళని తర్వాతి అడుగుకి తీసుకెళ్ళేది. అందుకే ప్రతి పెద్ద ప్రశ్న పక్కన, వచ్చే అవకాశమున్న రెండు తప్పు జవాబులు, వాటికి నేను వేసే ఎదురు ప్రశ్నలు ముందే రాసుకుంటాను. క్లాసులో అప్పటికప్పుడు తట్టవు. "వేడి" అన్నవాడిని మాత్రం వదిలేశారు. వాడన్నది చిన్న విషయం కాదు. నల్లకాగితం ఎండలో వేడెక్కుతుంది, అది కూడా ఒక మార్పే.

---

శ్రావణి_బయాలజీ

ఔను, వాడిని అసలు పట్టించుకోలేదు. అంటే కాగితం ఆపినవే కాదు, చేసినవి కూడా లెక్కలోకి వస్తాయి. మరి ఇవన్నీ విడదీయడం పిల్లలకి ఎలా అప్పగించాలి?

---

రిటైర్డ్_మాస్టారు

వాళ్ళనే అడగండి: "గాలి ఆగాలి, వెలుతురు మాత్రం తగలాలి. ఏం కడదాం?" ఎవరో ఒకరు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు అంటారు. అదే ఆకుకి ఒక పక్క నల్లకాగితం, ఇంకో పక్క అదే కొలతలో పారదర్శక షీటు, అదే రకం క్లిప్పులు. షీటు కింద నల్లబడి, కాగితం కింద నల్లబడకపోతే గాలి ఆగడం కారణమనే వాదన బలహీనపడుతుంది. వేడి అన్నవాడికి తెల్లకాగితం మీద రేకు చుట్టి ఇవ్వండి. వెలుతురు రాదు, నల్లకాగితమంత వేడెక్కదు.

ఒక జాగ్రత్త. షీటు అంచుల్లోంచి కాస్త గాలి దూరుతూనే ఉంటుంది, కాబట్టి ఈ పరీక్ష కూడా సంపూర్ణం కాదు. షీటు కింద రంగు మరీ లేతగా వస్తే పారేయకండి. అంతకంటే మంచి ప్రశ్న మీకు దొరకదు.

---

ప్రైవేట్_ఫ్యాకల్టీ_వేణు

క్షమించాలి, కొంచెం నేల మీదికి రండి. మాకు పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. సిలబస్ డిసెంబర్‌కల్లా అవ్వాలి, ఆ తర్వాత రివిజన్లు. ఒక ఆకు మీద రెండు పీరియడ్లు గడిపితే మా ప్రిన్సిపాల్ ఊరుకోరు. పైగా పరీక్షలో "నల్లకాగితం ప్రయోగం వివరించండి" అంటే పుస్తకంలో ఉన్న ముగింపే రాయాలి. "గాలి కూడా ఆగి ఉండొచ్చు" అని రాస్తే పేపర్ దిద్దేవాళ్ళు ఏమంటారు?

---

రిటైర్డ్_మాస్టారు

వేణు గారూ, మీ బాధ నిజమే. ప్రతి పాఠానికీ ఇది చేయమని నేను చెప్పను, నేనూ చేయలేదు. అధ్యాయానికి ఒకటి చాలు. ఆ ఒక్కటీ ఎక్కడ పెట్టాలంటే, పుస్తకం ముగింపుకీ ఆధారానికీ మధ్య సందు ఉన్నచోట. సందు లేనిచోట పెడితే వాదన బలవంతంగా ఉంటుంది. పత్రరంధ్రం నిర్మాణం చెప్పేటప్పుడు మూల్యాంకనం అడగడానికి ఏముంది? చెప్పి, గుర్తుందో లేదో చూసుకుని వెళ్ళిపోవాలి.

పరీక్ష జవాబు గురించి మీరన్నదానికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. పుస్తకం ముగింపు రాసి, కింద ఒక వాక్యం చేర్చమనేవాణ్ణి.

---

వేణు

ఆ ఒక్క వాక్యానికి మార్కు పోతే పిల్లవాడి తల్లిదండ్రులకి నేను చెప్పుకోవాలి. ఇక్కడ నేను ఒప్పుకోలేను మాస్టారూ.

---

లక్ష్మి_మ్యాథ్స్

ఇప్పుడర్థమైంది మీరు ఏం మాట్లాడుకుంటున్నారో. మా దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది ఒకటి చెప్తాను. బేసి సంఖ్య, బేసి సంఖ్య కూడితే సరి సంఖ్య వస్తుందా అని అడిగితే పిల్లలు 3+5, 7+9 వేసి "అవును" అంటారు. "ఇంకెన్ని వేస్తే చాలు?" అని అడిగాను ఒకసారి. ఒకడు వంద అన్నాడు, ఒకడు వెయ్యి. ఇంకొకడు "ఎన్ని వేసినా చాలదు టీచర్, ప్రతి బేసిలోనూ ఒకటి మిగిలిపోతుంది, రెండు మిగిలినవి కలిస్తే జత అవుతుంది" అన్నాడు. మీ "ఏది రాసే హక్కుంది" ప్రశ్నకీ దీనికీ తేడా లేదనిపిస్తోంది. కొన్ని ఉదాహరణలు చూసి ఎంత పెద్ద వాక్యం రాయొచ్చు అనేదే కదా.

---

రిటైర్డ్_మాస్టారు

అదేనమ్మా. తేడా ఒక్కటే, మీ పిల్లవాడు ఆఖరికి నిరూపించాడు. మా ఆకు విషయంలో ఎప్పటికీ అంత గట్టిగా తేలదు.

---

ప్రైమరీ_సుజాత

శ్రావణి గారిని ఒకటి అడగాలి. పిల్లలు ఏ భాషలో వాదించుకున్నారు? మా దగ్గరి నుంచి హైస్కూల్‌కి వెళ్ళిన పిల్లలు ఇంగ్లిష్ మీడియం. రంగు పేరు ఇంగ్లిష్‌లో చెప్పేస్తారు. "ఎందుకలా అనుకుంటున్నావ్" అనగానే మూగబోతారు. ఆలోచన లేక కాదు, ఆ ఆలోచనకి సరిపడా వాక్యాలు ఇంగ్లిష్‌లో లేక.

---

శ్రావణి_బయాలజీ

తెలుగులోనే మేడమ్. నేను ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాను, బొమ్మల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళంతట వాళ్ళే తెలుగులోకి వెళ్ళిపోయారు, నేను ఆపలేదు. రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఎలాగూ ఉన్నాయి, ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష. తేల్చుకున్న చివరి వాక్యం మాత్రం ఇంగ్లిష్‌లో రాయించాలనుకుంటున్నాను.

---

కిరణ్_టీచర్

ఇక్కడ నాకు అనుమానం. వాదన అంతా తెలుగులో అయితే పరీక్షలో ఆ "ఎందుకంటే" వాక్యం ఇంగ్లిష్‌లో ఎలా వస్తుంది? నేనైతే బోర్డు మీద నాలుగైదు ఇంగ్లిష్ వాక్యాల మొదళ్ళు రాసి పెడతాను, వాళ్ళు పూర్తి చేస్తారు. దాంతో ఆలోచన ఆ మొదళ్ళకే కట్టుబడిపోతుందని మా కొలీగ్ అంటారు. ఏది మేలో నాకింకా తెలియట్లేదు.

---

శ్రావణి_బయాలజీ

మిగిలిపోయిన పీరియడ్ అయింది. చెప్తాను.

షీటు ప్రయోగం పిల్లలే కట్టారు. షీటు కింద నల్లబడింది, కాగితం కింద, రేకు కింద నల్లబడలేదు. అప్పుడు బోర్డు మీద అ, ఆ రెండు వాక్యాలు రాసి ఏది రాయొచ్చని అడిగాను. నోట్సులో రాసి, పక్కవాళ్ళతో మాట్లాడుకుని, తర్వాత చెప్పమన్నాను. ఎక్కువమంది "ఇప్పుడు అ రాయొచ్చు, ఎందుకంటే గాలి సంగతీ వేడి సంగతీ తేలిపోయాయి" అన్నారు. నాకు అది బాగా నచ్చింది, ముగించేద్దామనుకున్నాను.

అంతలో ఒకమ్మాయి "మనం చూసింది పిండిపదార్థం మేడమ్, కిరణజన్య సంయోగక్రియ కాదు కదా" అంది. క్లాసు అంతా నా వైపు చూసింది. నేను మాస్టారు చెప్పిన రెండో విరామం పాటించాను, నిజానికి ఏం చెప్పాలో తెలియక. ఇంకొకడు లేచి "పిండిపదార్థం లేదంటే తయారవలేదని కదా" అన్నాడు. ఆ పిల్ల "తయారై వేరే చోటికి పోయి ఉండొచ్చుగా, లేదా చక్కెరగా ఉండిపోయి ఉండొచ్చుగా" అంది.

---

రిటైర్డ్_మాస్టారు

ఆ అమ్మాయికి ఉల్లి ఆకు ఇవ్వండి. ఉల్లికాడని ఎండలో ఉన్న మొక్క నుంచి కోసి ఇదే పరీక్ష చేస్తే నీలి నలుపు రాదు. ఉల్లి ఆకుల్లో పిండిపదార్థం నిల్వ చేసుకోదు, చక్కెరలుగానే ఉంచుకుంటుంది. కానీ కిరణజన్య సంయోగక్రియ చేయకుండా అది బతకదు కదా. "అయోడిన్ నల్లబడలేదు కాబట్టి కిరణజన్య సంయోగక్రియ జరగలేదు" అనే వాక్యం ఉల్లి ముందు నిలబడదు. మీ కుండీ మొక్కకి నిలబడింది ఉల్లికి ఎందుకు నిలబడలేదని అడిగి వదిలేయండి.

ఇంకో పని చేయండి. వచ్చేవారం కార్బన్ డయాక్సైడ్ ప్రయోగం ఉంటుంది మీకు. ఆకును సగం సీసాలోకి దూర్చి, సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ పోసి, మూతి బిగిస్తాం. అప్పుడు మీరు ఏ ప్రశ్నా అడక్కండి. ప్రయోగం కట్టి, ఫలితం చూపించి, "ఏమైనా అడగాలనుందా" అని ఊరుకోండి. "సీసాలో ఉన్న సగానికి గాలి మాత్రమే కాదు, తేమా మారింది కదా" అని గానీ, "సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్‌కి బదులు నీళ్ళు పోసి ఇంకోటి పెట్టాలి కదా" అని గానీ ఒక్కరన్నా అంటే మీ ప్రశ్నల వరుస వాళ్ళ చేతికి వెళ్ళినట్టు. ఎవరూ అనకపోతే అది ఆ ఒక్క ఆకు దగ్గరే ఉండిపోయిందని లెక్క.

---

వేణు

మాస్టారూ, ఈ సీసా పరీక్ష నేను కూడా చేసి చూడగలను, ఎందుకంటే అదనంగా పీరియడ్ పట్టదు. కానీ నేను మొదటి వరుస చేయించనే లేదు. నేరుగా ఇదే పెట్టి "ఇంకేం మారింది" అని అడిగితే పనిచేస్తుందా, లేక నల్లకాగితం అయ్యాకే అడగాలా?

---

రిటైర్డ్_మాస్టారు

నేరుగా కూడా చేయొచ్చు వేణు గారూ, పైమెట్టు ప్రశ్నతో మొదలుపెట్టి, అవసరమైనప్పుడు కిందికి దిగి గుర్తుచేసుకోవడం. కొన్ని సెక్షన్లలో అదే బాగా పనిచేసింది నాకు. బలహీనంగా ఉన్న పిల్లలు ఎక్కువగా ఉన్న సెక్షన్‌లో మాత్రం మొదట్లోనే జారిపోయారు.

---

కిరణ్_టీచర్

అంటే నేను మొదట్లో అన్నదానికే వచ్చారు మాస్టారూ, కింది మెట్టు ముందు ఉండాలని!

---

రిటైర్డ్_మాస్టారు

కొన్ని సెక్షన్లకి, బాబూ. నీ చార్ట్ ఏ సెక్షన్‌కి ఏదో చెప్పదు.

---

శ్రావణి_బయాలజీ

సీసా ప్రయోగం గురువారం పెడుతున్నాను. పొటాషియం హైడ్రాక్సైడ్ ల్యాబ్‌లో అయిపోయింది, పక్క హైస్కూల్ నుంచి తెప్పిస్తున్నాను. ఆ చక్కెర అన్న అమ్మాయి ఇవాళ ఉల్లికాడ తనే తెచ్చింది. అయోడిన్ వేయడానికి ఇంకా టైం దొరకలేదు.

---

ప్రైమరీ_సుజాత

ఉల్లికాడను స్పిరిట్‌లో మరిగించేటప్పుడు బీకరు నేరుగా మంట మీద పెట్టనివ్వకండి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టించండి. పిల్లలు తొందరలో మర్చిపోతారు. ఫలితం ఇక్కడ రాయండి, మా ఐదో తరగతి వాళ్ళకి చూపించాలి.